కవర్ మీద అడిగిన ప్రశ్నకు లోపల జవాబుండాలి

ఇన్‌స్టాగ్రామ్ తెరిచి కాసేపు వేలితో పైకి తోసుకుంటూ పోతే, పక్కకు జరుపుతూ చదివే పోస్టులు నాలుగైదైనా ఎదురవుతాయి. వీటిని కారొసెల్ అంటారు. 2017లో ఈ సదుపాయం వచ్చినప్పుడు ఒక పోస్టులో 10 స్లైడ్ల వరకే పెట్టుకునే వీలుండేది. 2024లో దాన్ని 20కి పెంచారు. ఆదాయపు పన్ను దగ్గర్నుంచి ఆవకాయ కొలతల దాకా ఇప్పుడు తెలుగులో ఎన్నో సంగతులు ఈ స్లైడ్లలోనే చెబుతున్నారు. పత్రిక కొనని ఇంట్లో కూడా ఇవి చదివేవాళ్లు ఉన్నారు. అందుకే వీటిని ఎలా రాస్తున్నారన్నది పట్టించుకోవాల్సిన విషయం.

మొదటి స్లైడే కవర్. దాని మీద ఆరేడు మాటలుంటాయి. ఆ మాటలు చదివి ఆగాలా, దాటిపోవాలా అన్నది చూసేవాళ్లు క్షణంలో తేల్చేస్తారు. రాసేవాళ్ల తొందరంతా అక్కడే. ‘షాకింగ్ నిజం’, ‘ఇది తెలిస్తే నిద్ర పట్టదు’, ‘చివరి స్లైడ్ అస్సలు మిస్సవద్దు’ లాంటి మాటలు అలా పుట్టినవే. వేలు పక్కకు జరుగుతుంది, లోపల చూస్తే అందరికీ తెలిసిన నాలుగు ముక్కలుంటాయి. చదివినవాళ్లకు పోయింది అర నిమిషమే కావచ్చు. కానీ అదే పేజీ రేపు నిజంగా పనికొచ్చే విషయం చెప్పినా వాళ్లు నమ్మరు. నష్టమంతా అక్కడుంది.

అలాగని కుతూహలం రేపడమే తప్పనుకుంటే పొరపాటు. ‘గ్యాస్ సిలిండర్ గురించి సమాచారం’ అని కవర్ మీద రాస్తే అందులో అబద్ధం లేదు. కానీ ఎవరూ లోపలికి రారు. ఆ సమాచారం అవసరమైనవాళ్లు కూడా రారు. మోసం లేకుండా కుతూహలం రేపడం ఎలాగన్నదే అసలు పని. దీన్ని ఒక్క ఉదాహరణ పట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

నాకు తెలిసిన ఒకమ్మాయి వినియోగదారులకు పనికొచ్చే చిన్న చిన్న సంగతులతో ఒక పేజీ నడుపుతోంది. ఆమె ఎంచుకున్న విషయం గ్యాస్ బండ మీద ఉండే గుర్తు. బండ పైన చేత్తో పట్టుకునే గుండ్రటి చట్రం ఉంటుంది కదా, దాన్ని బండతో కలుపుతూ మూడు నిలువు పట్టీలుంటాయి. వాటిలో ఒకదాని లోపలి వైపు ఒక ఇంగ్లిష్ అక్షరం, పక్కన రెండంకెలు పెయింటుతో రాసి ఉంటాయి. ఉదాహరణకు ‘బి-27’. ఎ అంటే జనవరి నుంచి మార్చి వరకు, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. అంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. కాబట్టి బి-27 అంటే 2027 జూన్ చివర్లోగా ఆ బండను మళ్లీ పరీక్షకు పంపాలని అర్థం. ఒత్తిడికి తట్టుకుంటుందా లేదా అన్నది అక్కడ చూస్తారు. ఆ గడువు బండది, లోపలున్న గ్యాస్‌ది కాదు. చాలామంది దీన్ని మందు సీసా మీది ఎక్స్‌పైరీ డేటులా అనుకుంటారు.

ఆమె మొదట రాసుకున్న కవర్ ఇది: ‘మీ వంటింట్లో బాంబు ఉందా? ఈ ఒక్క అక్షరం చూసుకోండి!’ ఇది జనాన్ని ఆపుతుంది, అందులో సందేహం లేదు. కానీ పక్కింటి ఆవిడకు ఆ కవర్ ఒక్కటే చూపించి, “పిన్నిగారూ, ఇది చూస్తే లోపల ఏముంటుందనిపిస్తోంది?” అని అడిగితే ఆవిడ, “డేటు అయిపోతే బండ పేలిపోద్దని ఉంటుందమ్మా. ఆ మాట వింటేనే భయమేస్తోంది, మాది ఇప్పుడే చూడాలి” అందట. లోపలి స్లైడ్లలో ఎక్కడా అలా లేదు. గడువు దాటిన బండ ఆ మర్నాడే పేలదు. దాన్ని పరీక్షకు పంపకుండా ఇళ్లకు ఇవ్వకూడదు, అంతవరకే. అంటే కవర్ ఒక మాట చెప్పింది, స్లైడ్లు ఇంకో మాట చెప్పాయి. మాటల్లో ఎక్కడా పచ్చి అబద్ధం లేకపోయినా, చదివినవాళ్ల మనసులో పడింది మాత్రం అబద్ధమే.

కవర్ ఇచ్చే మాటంటే రాసినవాళ్ల మనసులో ఉన్నది కాదు, చదివినవాళ్లు ఆశించేది. దాన్ని తెలుసుకోవడానికి పక్కింటి పిన్నిగారిని అడగడం కంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

కుతూహలం ఎక్కణ్నుంచి పుడుతుందో కాస్త చూస్తే దీన్ని సరిదిద్దడం తేలిక. జార్జ్ లోవెన్‌స్టీన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1994లో దీని మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకున్నదానికీ మధ్య ఖాళీ ఉందని గుర్తించినప్పుడు కుతూహలం పుడుతుందన్నది ఆయన వాదన. ఇందులో జనం తరచూ మరిచిపోయే సగం ఒకటుంది. ఖాళీ కనిపించాలంటే ముందు కొంత తెలిసుండాలి. అసలేమీ తెలియని చోట ఖాళీ ఉందన్న సంగతే తట్టదు. అందువల్ల ‘ఇది చూస్తే మీరు నమ్మలేరు’ లాంటి కవర్‌లో నిజానికి కుతూహలానికి ఆధారమే లేదు. ‘ఇది’ అంటే ఏమిటో తెలియదు కాబట్టి, ఏది తెలియడం లేదో కూడా తెలియదు. అలాంటి మాటలు ఒకసారి ఆపగలవు, రెండుసార్లు ఆపగలవు. తర్వాత కళ్లు వాటిని చూడటం మానేస్తాయి.

దీనికి భిన్నంగా, రోజూ చూసే వస్తువును ముందు పెట్టి, దానిలో చదివేవాళ్లు గమనించని ఒక్క విషయాన్ని చూపిస్తే ఖాళీ తనంతట తానే కనిపిస్తుంది. గ్యాస్ బండ అందరికీ తెలుసు. దాని మీద ఏదో రాసుంటుందనీ చాలామందికి తెలుసు. అదేమిటో తెలియదు. ఆ చిన్న ఖాళీయే చాలు, బాంబు అక్కర్లేదు.

ఆ అమ్మాయి తర్వాత రాసిన కవర్ ఇలా ఉంది: ‘గ్యాస్ బండ మీద బి-27 అని ఉందా? ఆ గడువు గ్యాస్‌ది కాదు’. ఈ రెండు వాక్యాలు ఏం చేస్తున్నాయో చూడండి. మొదటి వాక్యం వస్తువును, గుర్తును యథాతథంగా చూపిస్తోంది. ఏదీ దాచలేదు. రెండో వాక్యం ఒక నిజం చెబుతోంది. చాలామంది అనుకునేదానికి ఆ నిజం ఎదురు నిలుస్తోంది. చదివినవాళ్ల నోట ‘మరి దేనిది?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నను కవర్ మీద రాయలేదు. రాయకుండానే వాళ్ల చేత అడిగించింది. దాచింది ఒక్క ముక్క, ఆ ముక్క రెండో స్లైడ్‌లోనే ఉంది. లోపలికి రాకుండా దాటిపోయినవాళ్లు కూడా ఒక నిజం తెలుసుకునే పోతారు. నా దృష్టిలో మంచి కవర్‌కు ఇది గట్టి పరీక్ష. చదవకుండా పోయినవాళ్ల మనసులో తప్పుడు సంగతి మిగిలిందా, సరైనదా? ‘బాంబు’ కవర్ చూసి దాటేసినవాళ్లు భయం మోసుకుపోతారు. ఈ కవర్ చూసినవాళ్లకు ఆ బాధ లేదు.

ఫేస్‌బుక్ 2016 ఆగస్టులో క్లిక్‌బెయిట్ హెడ్డింగులను తగ్గిస్తామని ప్రకటించినప్పుడు ఇలాంటి రెండు ప్రశ్నలనే ఆధారంగా తీసుకుంది. అర్థం కావడానికి అవసరమైన సమాచారాన్ని హెడ్డింగు దాచిపెడుతోందా? లోపల ఉన్నదాన్ని మించి చెప్పి తప్పుదారి పట్టిస్తోందా? మరుసటి ఏడాది మే నెలలో ఈ రెండింటినీ విడివిడిగా చూడటం మొదలుపెట్టింది. ఇలా విడదీయడం రాసేవాళ్లకు కూడా చాలా ఉపయోగం. ఎందుకంటే ఈ రెండు జబ్బులకు మందులు వేరు. దాచడం ఎక్కువైతే కవర్ మీద ఇంకో పేరో, వస్తువో, అంకెో చేర్చాలి. మించి చెప్పడం ఎక్కువైతే విశేషణాలు తీసేయాలి. ‘వంటింట్లో బాంబు’ మించి చెప్పిన తప్పు. ‘మీ వంటింట్లో ఉన్న ఈ అక్షరం గమనించారా?’ అని రాస్తే దాచిన తప్పు. ఏ అక్షరం, దేని మీద అన్నది చదివేవాళ్లకు తెలియదు.

మూడో రకం తప్పు ఒకటుంది. దాన్ని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు, నాకైతే అదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. ‘డెలివరీ బాయ్ మీకు చెప్పని రహస్యం’ అన్న కవర్ కూడా ఆ అమ్మాయి రాసుకున్న చిట్టాలో ఉంది. అందులో రహస్యం ఏదీ లేదు. గుర్తు బండ మీద బాహాటంగా రాసే ఉంది. కానీ ఆ కవర్ చూసిన పదిమందిలో కొందరైనా రేపు బండ మోసుకుని మూడంతస్తులు ఎక్కివచ్చిన మనిషిని అనుమానంగా చూస్తారు. ‘డాక్టర్లు చెప్పరు’, ‘బ్యాంకు వాళ్లు దాచేస్తారు’, ‘మీ టీచర్ మీకు నేర్పలేదు’ అన్నవన్నీ ఈ కోవలోనివే. కుతూహలం రేపడానికి ఒక మనిషి మీదో ఒక వృత్తి మీదో నింద వేస్తే, ఆ నిందకు లోపల ఆధారం చూపించాలి. చూపించలేకపోతే ఆ కవర్ వాడకూడదు. అందులో రాజీకి తావు లేదు.

ఇక లోపలి స్లైడ్ల సంగతి. కవర్ ఇచ్చిన మాటను ఏ స్లైడ్‌లో నిలబెట్టుకోవాలి? చివరి దాకా సాగదీయాలన్న సలహా తరచూ వినబడుతుంది. నాకది నచ్చదు. అడిగిన ప్రశ్నకు రెండో స్లైడ్‌లో, మహా అయితే మూడో స్లైడ్‌లో సూటిగా జవాబు వచ్చేయాలి. జవాబు వచ్చేస్తే మిగతా స్లైడ్లు ఎవరు చూస్తారని భయం వేస్తుంది. కానీ మంచి జవాబు తన వెనకే ఇంకో ప్రశ్నను తెస్తుంది. ఆ అమ్మాయి స్లైడ్ల వరుస చూడండి. రెండో స్లైడ్: ‘ఆ గడువు బండ పరీక్షది. 2027 జూన్‌లోగా దాన్ని మళ్లీ పరీక్షించాలి.’ ఇది చదవగానే ‘మా బండ మీద ఎక్కడ రాసుంటుంది?’ అనిపిస్తుంది. మూడో స్లైడ్‌లో పట్టీ లోపలి వైపు తీసిన ఫొటో, దాని మీద బాణం గుర్తు. చూశాక ‘మాది డి-26 అనుంది, అదెప్పుడు?’ అన్నది తర్వాతి ప్రశ్న. నాలుగో స్లైడ్‌లో నాలుగు అక్షరాలు, వాటి నెలలు. ‘గడువు దాటిపోయి ఉంటే?’ దానికి ఐదో స్లైడ్: తీసుకునే ముందే చూసుకోండి, దాటి ఉంటే వేరే బండ ఇమ్మని అడగండి, కంగారు మాత్రం పడొద్దు. ఆరో స్లైడ్ ఈ గుర్తు చెప్పని సంగతి చెబుతుంది. గడువు లోపల ఉన్న బండకైనా రెగ్యులేటర్ దగ్గరో, ట్యూబు దగ్గరో లీకు ఉండవచ్చు, వాసన వస్తే 1906కు ఫోన్ చేయాలి. అంతటితో అయిపోయింది. ఆరు స్లైడ్లు. 20 పెట్టుకునే వీలున్నంత మాత్రాన 20 నింపాల్సిన పని లేదు.

ఆరో స్లైడ్ గురించి ఒక మాట చెప్పాలి. అది కవర్ అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. అయినా అది లేకపోతే, గుర్తు చూసుకున్నాం కాబట్టి ఇక ఏ ప్రమాదమూ లేదని ఎవరైనా అనుకోవచ్చు. కవర్ ఎంత మేరకు నిజమో ఆ హద్దును లోపల ఎక్కడో ఒకచోట చెప్పడం కూడా మాట నిలబెట్టుకోవడంలో భాగమే.

రెండో స్లైడ్ ముఖ్యం కావడానికి ఇంకో కారణం ఉంది. మొదటిసారి కవర్ చూసి పక్కకు జరపకుండా దాటేసినవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ అదే పోస్టును మళ్లీ చూపించినప్పుడు, ఒక్కోసారి రెండో స్లైడ్‌తో మొదలుపెడుతుంది. అంటే అది రెండో కవర్‌గా పనిచేస్తుంది. చాలా తెలుగు పేజీల్లో ఆ చోట ‘మీరు గమనించారో లేదో, ఈ మధ్య కాలంలో...’ అంటూ ఉపోద్ఘాతం ఉంటుంది. లేదా పేజీని ఫాలో అవమన్న విన్నపం ఉంటుంది. అడిగింది చెప్పకముందే ఫాలో అవమనడం మర్యాద కాదు. పైగా రెండో అవకాశం కూడా చేజారిపోతుంది. రెండో స్లైడ్ కవర్ తోడు లేకుండా చదివినా అర్థమయ్యేలా ఉండాలి. పైన చెప్పిన స్లైడ్‌లో ‘ఆ గడువు’ అని ఉంది చూశారా, దాన్ని ‘బి-27 అంటే గ్యాస్ బండ పరీక్ష గడువు’ అని మారిస్తే విడిగా కూడా నిలబడుతుంది. ఆ అమ్మాయి చివరికి అలాగే మార్చింది.

ఇంత చెప్పాక రాసే వరుస ఏమిటో మీకు తట్టే ఉంటుంది. కవర్ చివర రాయాలి. ముందు స్లైడ్లన్నీ రాసి, వాటి సారాన్ని ఒక్క వాక్యంలో పెట్టాలి. ఇక్కడ ఆ వాక్యం: బండ మీద అక్షరం, అంకెలు దాని పరీక్ష గడువును చెబుతాయి. తర్వాత ఈ వాక్యం ఏ ప్రశ్నకు జవాబో వెతకాలి. ఆ ప్రశ్నే కవర్ అవుతుంది. కవర్ ముందు రాసి, దానికి తగ్గట్టు స్లైడ్లు వెతకడం మొదలుపెట్టామా, ఆకర్షణ కోసం వేసిన మాటకు సరిపడే సరుకు దొరకదు. అప్పుడు లోపల సాగదీయడమో, కవర్‌ను అలాగే వదిలేసి ఊరుకోవడమో జరుగుతుంది.

కవర్ ఒక్కదానితో ఆగకూడదు. అమెరికాలో 2012లో మొదలైన అప్‌వర్తీ అనే వెబ్‌సైటులో ఒక్కో కథనానికి 25 హెడ్డింగులు రాయాలన్న నియమం ఉండేది. వాటిలో కొన్నింటిని పాఠకుల మీద ప్రయోగించి, ఎక్కువమంది క్లిక్ చేసినదాన్ని ఎంచుకునేవాళ్లు. అన్ని రాయడం వల్ల లాభం ఉంది. మొదటి పదీ ఎవరికైనా తట్టేవే వస్తాయి, తర్వాతే విషయంలోకి దిగి రాయాల్సి వస్తుంది. కానీ ఎక్కువ క్లిక్కులు వచ్చిందే గొప్పదని తేల్చిన చోట ఆ పద్ధతి దారి తప్పింది. అమెరికాలోనూ, తర్వాత మన దగ్గరా ‘ఆ తర్వాత ఏం జరిగిందంటే...’ తరహా హెడ్డింగులు వరద కట్టడానికి ఆ లెక్క కూడా ఒక కారణమే. చాలా కవర్లు రాయండి, కానీ ఎంచుకునేటప్పుడు లోపలి స్లైడ్లను ఎదురుగా పెట్టుకోండి.

ఎంచుకున్న కవర్‌ను ఇలా సరిచూడవచ్చు. దానిలోని ఒక్కో మాట మీద వేలు పెట్టి, ఈ మాటకు లోపల ఏ స్లైడ్ బదులు చెబుతోందని అడగండి. ‘గ్యాస్ బండ’: మూడో స్లైడ్. ‘బి-27’: రెండు, నాలుగు. ‘గ్యాస్‌ది కాదు’: రెండు. అన్ని మాటలకూ చోటు దొరికింది. ఇప్పుడు ‘ఈ ఒక్క అక్షరం మీ కుటుంబాన్ని కాపాడుతుంది’ అన్న కవర్‌ను తీసుకోండి. ‘ఒక్క అక్షరం’ దగ్గరే వేలు ఆగిపోతుంది, ఎందుకంటే అక్షరంతో పాటు అంకెలు కూడా చూడాలి. ‘కాపాడుతుంది’ అన్నదానికి ఏ స్లైడూ లేదు. తెలుగు కవర్లలో ఇలా వేలు ఆగే మాటలు కొన్ని పదేపదే కనిపిస్తాయి: ఎవరూ, ఎప్పటికీ, ఒక్కటే, వెంటనే, పూర్తిగా. ఇవి చిన్న మాటల్లా కనిపిస్తాయి, కానీ వీటి బరువు మోయడం చాలా కష్టం. ‘ఎవరూ చెప్పని’ అని రాస్తే నిజంగానే ఎవరూ చెప్పి ఉండకూడదు. అంకెలూ అంతే. ‘5 జాగ్రత్తలు’ అని కవర్ మీద వేసి, మూడు నిజమైనవీ రెండు నింపుడువీ పెట్టడం కంటే ‘3 జాగ్రత్తలు’ అనడం మేలు.

వంటల పేజీలకూ ఇదే వర్తిస్తుంది. ‘పెసరట్టు ఇలా చేస్తే జీవితంలో మర్చిపోలేరు’ అనే కవర్‌కు ఏ స్లైడూ న్యాయం చేయలేదు. ‘పెసరట్టు పిండిలో గుప్పెడు బియ్యం ఎందుకు వేస్తారు?’ అంటే జవాబు ఒక్క స్లైడ్‌లో వస్తుంది. కరకరలాడటానికి. వెంటనే ‘ఎన్ని పెసలకు ఎంత బియ్యం, ఎంతసేపు నానబెట్టాలి?’ అన్నవి వరుసగా వస్తాయి. పెద్ద మాట ఇచ్చి చిన్నది చూపించడం కంటే, చిన్న ప్రశ్న వేసి దానికి పూర్తిగా బదులివ్వడం ఎప్పుడూ నయం.

చూపు విషయంలో కూడా కవర్ మాట తప్పే అవకాశం ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో చాలామంది 1080 పిక్సెల్స్ వెడల్పు, 1350 పిక్సెల్స్ ఎత్తుతో స్లైడ్లు చేస్తారు. 2025 నుంచి ప్రొఫైల్ పేజీలో పోస్టులు ఇంకాస్త సన్నగా కనిపిస్తున్నాయి కాబట్టి, ఈ కొలతలో చేసిన కవర్‌కు అటూ ఇటూ 34 పిక్సెల్స్ దాకా కోత పడుతుంది. అంచుదాకా రాస్తే ‘గ్యాస్‌ది కాదు’లో ‘కాదు’ కాస్తా కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది. అప్పుడు అర్థమే తిరగబడుతుంది. నలువైపులా 100 పిక్సెల్స్ ఖాళీ వదిలితే ఆ చిక్కు రాదు. ఇంకోటి, తెలుగు అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు, పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడికి తగులుతుంది. కవర్‌ను ఎనిమిది మాటలు దాటనీయకుండా, మూడు వరుసల్లో, వరుసల మధ్య ఎడం పెంచి రాస్తే చేతి దూరంలో ఉన్న ఫోన్‌లో కూడా చదవవచ్చు.

కవర్ మాట నిలబెట్టుకుందో లేదో పోస్టు పెట్టాక ఎలా తెలుస్తుంది? రీచ్ అంకె ఒక్కటే చూస్తే తెలియదు. ఎంతమందికి కనిపించిందో అది చెబుతుంది, వాళ్లకు అందిందేమిటో చెప్పదు. సేవ్ చేసుకున్నవాళ్లు, ఇంకొకరికి పంపినవాళ్లు ఎంతమందో రీచ్‌తో పోల్చి చూడాలి. అదీ మీ పేజీలోని అలాంటి పోస్టులతోనే. వంట పోస్టును పన్ను పోస్టుతో పోలిస్తే లెక్క తప్పుతుంది. రీచ్ బాగా పెరిగి, సేవ్‌లు, షేర్లు మామూలుకన్నా తగ్గాయంటే కవర్ ఎక్కువ చెప్పిందని అనుమానించాలి. ఫేస్‌బుక్ 2014లోనే ఇలాంటి లెక్క ఒకటి మొదలుపెట్టింది. లింకు నొక్కిన మనిషి అక్కడ ఉండి చదివాడా, వెంటనే వెనక్కి వచ్చేశాడా అన్నది గమనించేది.

కామెంట్లు ఇంకా తేటగా చెబుతాయి. ‘ఇంతకీ విషయం ఏది?’, ‘దీనికింత బిల్డప్పా?’ అన్నవి వస్తే వాదించకుండా కవర్‌ను మళ్లీ చదువుకోవాలి. కవర్‌లో ఉన్న ప్రశ్ననే కామెంట్లలో మళ్లీ అడుగుతున్నారంటే, జవాబు లోపల ఉన్నా కనబడలేదని అర్థం. అప్పుడు మార్చాల్సింది రెండో స్లైడ్. ‘మాది సి-26, ఇప్పుడు ఏం చేయాలి?’ అని అడుగుతున్నారంటే స్లైడ్లు పనిచేసినట్టే.

స్లైడ్లను స్టోరీలుగా కూడా పెట్టి చూడవచ్చు. అక్కడ ఒక్కో దానికి వచ్చిన వ్యూలు విడిగా కనిపిస్తాయి. స్టోరీ దానంతటదే ముందుకు జరుగుతుంది కాబట్టి వ్యూలను మరీ నమ్మకూడదు, మధ్యలో బయటికి వెళ్లిపోయినవాళ్ల సంఖ్య ముఖ్యం. జవాబు వచ్చిన స్లైడ్ తర్వాత కొందరు వెళ్లిపోవడం సహజం, వాళ్లకు కావలసింది దొరికింది. జవాబు రాకముందే వెళ్లిపోతున్నారంటే సాగదీశామన్నమాట.

కొన్ని సంగతులకు మాత్రం కుతూహలం జోలికే వెళ్లకూడదు. తుపాను ఎక్కడ తీరం దాటుతుంది, ఏ రోడ్డు మూసేశారు, పరీక్ష ఏ తేదీకి వాయిదా పడింది, ఏ మందును వెనక్కి తీసుకున్నారు అన్నవి కవర్ మీదే పూర్తిగా ఉండాలి. ఎవరైనా చనిపోయారన్న వార్తకైతే మరీను. ‘ఆ నటుడు ఇక లేరు...’ అని పెట్టి, లోపల ఆయన ఒక సినిమా నుంచి తప్పుకున్నాడని రాయడం లాంటివి మనం చూస్తూనే ఉన్నాం. అది చదివిన క్షణంలో ఆ కుటుంబానికి ఎన్ని ఫోన్లు వెళ్తాయో రాసినవాళ్లు ఆలోచించరు. గ్యాస్ బండ విషయంలోనూ లీకు జాగ్రత్తల గురించి విడిగా పోస్టు పెట్టేటట్టయితే దాని కవర్ సూటిగా ఉండాలి: ‘గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకండి, కిటికీలు తెరవండి, 1906కు ఫోన్ చేయండి’. ఎనిమిది మాటలు దాటినా ఫర్వాలేదు. అక్కడ లోపలికి రప్పించాల్సిన పని లేదు.

ప్రశ్నార్థకం వెనక దాక్కోవడం కూడా మానాలి. ‘గడువు దాటిన బండ పేలుతుందా?’ అని అడిగి, ఐదో స్లైడ్‌లో ‘అలాగేం కాదు’ అనడం చాలామందికి అలవాటు. ప్రశ్నే కదా వేశాం, చెప్పలేదు కదా అన్నది వాళ్ల సమర్థన. జవాబు ‘కాదు’ అయినప్పుడు ఆ ప్రశ్న వేయవచ్చు, జనంలో నిజంగానే ఆ అపోహ ఉంటే వేయాలి కూడా. కానీ ‘కాదు’ అన్న మాట రెండో స్లైడ్‌లో మొదటి మాటగా రావాలి.

కారొసెల్స్ చేసేవాళ్లకు నా విన్నపం ఒకటే. పోస్టు నొక్కే ముందు కవర్‌ను ఒక్కదాన్నే ఇంట్లోవాళ్లకో, పక్కింటివాళ్లకో, ఆ విషయం తెలియని ఎవరికో చూపించి, లోపల ఏముంటుందనుకుంటున్నారో అడగండి. వాళ్లు చెప్పింది లోపల ఉంటే పోస్టు చేయండి. లేకపోతే కవరైనా మార్చండి, స్లైడైనా చేర్చండి.